టీ గ్లాసు పక్కన ఎర్ర మాత్ర

ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా పరీక్షలు చేస్తున్నారు. అనంతపురం, కర్నూలు, కడప పల్లెల నుంచి ఆటోల్లో వచ్చే ఆడవాళ్ల ఫిర్యాదులు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. రక్తం తక్కువుంది, గుండెల్లో మంట, రాత్రిళ్లు నిద్ర లేదు, పగలంతా నీరసం. వీటి వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది: టీ తాగొచ్చా, తాగితే ఎన్ని తాగొచ్చు?

ఈ ప్రశ్నకు కప్పుల లెక్కతో జవాబు చెప్పి పంపేస్తే సగం పని కూడా కాదు. మన దగ్గర టీ తాగే గర్భిణుల్లో ఎక్కువమంది కెఫిన్ పరిమితి లోపలో, దాని అంచునో ఉంటారు. అసలు నష్టం ఆ టీ ఏ వేళకు తాగుతున్నారన్న దగ్గర జరుగుతుంది. అన్నం తిన్న వెంటనే తాగే టీ ఒకలా దెబ్బతీస్తే, సాయంత్రం ఆలస్యంగా తాగే టీ ఇంకోలా దెబ్బతీస్తుంది. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర, గ్యాస్ సిరప్ కూడా అదే రోజులో, అవే గంటల చుట్టూ తిరుగుతుంటాయి కాబట్టి చిక్కు ఇంకాస్త బిగుస్తుంది.

తాడిపత్రి దగ్గరి పల్లెలో ఏడో నెల గర్భిణి రోజు ఎలా నడుస్తుందో చూద్దాం. ఇది ఒక మనిషి కథ కాదు, ఈ ప్రాంతంలో మామూలుగా కనిపించే అలవాట్లతో అల్లిన ఉదాహరణ. ఐదున్నరకు లేవగానే టీ. ఎనిమిదిన్నరకు ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు, కాల్షియం మాత్ర, వెంటనే ఇంకో టీ. మధ్యాహ్నం ఒకటిన్నరకు సంగటి, ఆకుకూర పప్పు, ఊరుబిండి. చెయ్యి కడుక్కున్న పది నిమిషాలకు ఒక ఐరన్ మాత్ర, అరగంటకు పక్కింటి వాళ్లు ఎవరో వస్తే మూడో టీ. సాయంత్రం ఐదున్నరకు నాలుగోది. రాత్రి తొమ్మిదికి భోజనం. ఆ వెంటనే మర్చిపోతానేమోనని రెండో ఐరన్ మాత్ర, రెండో కాల్షియం మాత్ర ఒకే గుటకలో. తొమ్మిదిన్నరకు పడక. పదకొండుకు గొంతు దాకా మంట, పులితేన్పులు. లేచి రెండు చెంచాల గ్యాస్ సిరప్. రాత్రి రెండింటికి కాళ్లు పీకుతూ, కదిలిస్తే తప్ప ఉండలేని ఒక ఇబ్బంది. పొద్దున లేస్తే మళ్లీ నీరసం, మళ్లీ టీ. ఐదో నెలలో హిమోగ్లోబిన్ 9.2 ఉండింది, రోజుకు రెండు ఐరన్ మాత్రలు రాశారు. ఏడో నెలలో చూస్తే 9.3. మాత్రలు ఒక్క రోజు కూడా మానలేదు. అయినా రక్తం పెరగలేదు.

ముందు కెఫిన్ లెక్క చూద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం ఒక కప్పు టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, కాచి వడగట్టిన 150 మిల్లీలీటర్ల కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫిన్ ఉంటుంది. ఆ సంస్థ రోజు మొత్తానికి పెట్టిన హద్దు 300 మిల్లీగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా రోజుకు 300 మిల్లీగ్రాములకు మించి తీసుకునే గర్భిణులు తగ్గించుకోవాలని చెబుతుంది. అమెరికా, బ్రిటన్‌లలో గర్భిణులకు ఇచ్చే సలహా ఇంకా బిగువుగా ఉంటుంది, అక్కడ హద్దు 200. ఎక్కువ కెఫిన్ తీసుకున్న తల్లుల బిడ్డలు తక్కువ బరువుతో పుట్టడం పరిశోధనల్లో కనిపించింది. అందుకే 200 దగ్గర ఆగడం మంచిది.

పై ఉదాహరణలో నాలుగు టీలున్నాయి. కప్పుకు 30 అయితే 120, 65 అయితే 260. మధ్యస్థంగా పట్టుకుంటే 190 దగ్గర ఉంటుంది. అంటే కెఫిన్ వరకు ఈమె హద్దు మీదే ఉంది, పెద్దగా దాటలేదు. అయితే కొట్టు దగ్గర వన్ బై టూ గ్లాసుకూ ఇంట్లో స్టీలు గ్లాసుకూ చాలా తేడా ఉంది. ఇంటి గ్లాసు నిండా, పొడి ఎక్కువేసి చాలాసేపు మరగబెట్టిన టీ అయితే పై అంకెకే దగ్గరవుతుంది. అనంతపురం, హిందూపురం వైపు బెంగళూరు అలవాటుతో ఫిల్టర్ కాఫీ తాగే ఇళ్లలో ఈ లెక్క ఇంకా తొందరగా మారిపోతుంది. చిక్కటి డికాక్షన్‌తో రెండు పెద్ద గ్లాసులు తాగితే 200 దాటొచ్చు. కాఫీ తాగేవాళ్లు గ్లాసులు లెక్కపెట్టుకోవాల్సిందే. టీ తాగేవాళ్లకు దానికంటే వేళ ముఖ్యం.

ఎందుకో తెలియాలంటే ఐరన్ సంగతి కాస్త వివరంగా చూడాలి. టీలో, కాఫీలో వగరు ఇచ్చే పదార్థాలుంటాయి. టీలో వీటినే టానిన్లు అంటాం. ఆకుకూరలు, పప్పులు, రాగులు, చెనిక్కాయల్లో ఉండే ఐరన్‌ను ఇవి పేగులో పట్టేసుకుని కరగని ముద్దగా మార్చేస్తాయి. ఆ ఐరన్ రక్తంలోకి చేరకుండా బయటికి పోతుంది. ఇది కెఫిన్ చేసే పని కాదు. కాబట్టి కెఫిన్ తీసేసిన కాఫీ అయినా, గ్రీన్ టీ అయినా, అల్లం టీ అయినా ఈ విషయంలో పెద్ద తేడా లేదు. పాలు పోస్తే సరిపోతుందన్న నమ్మకం కూడా పెట్టుకోకూడదు.

ఎంత నష్టమో 1983లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో కొలిచారు. మాంసంతో చేసిన భోజనంతోపాటు ఒక కప్పు కాఫీ తాగితే ఐరన్ ఒంటపట్టడం 39 శాతం తగ్గింది, టీ తాగితే 64 శాతం తగ్గింది. అదే అధ్యయనంలో మన పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. భోజనానికి గంట ముందు కాఫీ తాగితే ఐరన్‌కు నష్టం కనిపించలేదు. భోజనమైన గంట తర్వాత తాగితే మాత్రం భోజనంతోపాటు తాగినంత నష్టం జరిగింది. గంట గడిచినా అన్నం ఇంకా కడుపులోనే ఉంటుంది, వెనకనుంచి వచ్చిన కాఫీ దానితో కలిసిపోతుంది. పోషకాహార సంస్థ మార్గదర్శకాలు భోజనానికి ముందూ వెనకా కనీసం గంట వ్యవధి ఉండాలంటాయి. రక్తం తక్కువున్న గర్భిణి అయితే భోజనం తర్వాత రెండు గంటలు ఆగడం ఇంకా మేలు. అన్నం తిన్నాక ఒక టీ పడితే బాగుంటుందన్న అలవాటు ఇక్కడ బాగా నష్టం చేస్తుంది. సంగటి, పప్పు మీద బతికే ఇంట్లో ఐరన్ ఎక్కువభాగం మొక్కల నుంచే వస్తుంది, టానిన్లు పట్టేసుకునేది ముఖ్యంగా ఆ ఐరన్‌నే.

ఐరన్ మాత్ర సంగతికి వద్దాం. ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కానుపు తర్వాత మళ్లీ 180 రోజులు. హిమోగ్లోబిన్ 7 నుంచి 10.9 మధ్య ఉంటే రోజుకు రెండు. మాత్రలో ఐరన్ ఎక్కువే ఉంటుంది కానీ అది ఒంటపట్టే తోవలో మూడు అడ్డంకులున్నాయి. టీ ఒకటి. రెండోది కాల్షియం మాత్ర. ఐరన్, కాల్షియం రెండూ పేగు దగ్గర పోటీ పడతాయి కాబట్టి వాటి మధ్య రెండు గంటలు ఉండాలి. మూడోది గ్యాస్ సిరప్. కడుపులోని ఆమ్లాన్ని చల్లార్చడమే దాని పని. ఐరన్ కరిగి ఒంటపట్టడానికి ఆ ఆమ్లమే కావాలి. మన ఉదాహరణలో మధ్యాహ్నం మాత్ర అన్నంతో, టీతో కలిసిపోయింది. రాత్రి మాత్ర కాల్షియంతో కలిసి పోయింది, రెండు గంటలకు దాని మీద సిరప్ పడింది. రోజూ రెండు మాత్రలు మింగిందన్నది నిజమే, వాటిలో సరైన వేళకు పడింది మాత్రం ఒక్కటీ లేదు. ఇలాంటి చోట ఆమెను మందులు సరిగా వేసుకోవట్లేదని కసురుకోవడం చాలా అన్యాయం. ఏది దేనితో కలవకూడదో ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

ఇప్పుడు నిద్ర. ఒంట్లో నిద్రమత్తును పేర్చే అడెనోసిన్ అనే పదార్థం మెదడులో కూర్చోవాల్సిన చోటును కెఫిన్ ఆక్రమిస్తుంది. అలసట తీరదు, అలసట కబురు మాత్రం మెదడుకు అందకుండా పోతుంది. మామూలు పెద్దవాళ్లలో తీసుకున్న కెఫిన్‌లో సగం పోవడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. గర్భం చివరి మూడు నెలల్లో కాలేయంలో కెఫిన్‌ను విరిచే ఎంజైము నెమ్మదిస్తుంది, అదే సగం పోవడానికి 15 గంటల దాకా పట్టొచ్చు. సాయంత్రం ఐదున్నర టీలో 50 మిల్లీగ్రాములున్నాయనుకుంటే, మామూలు మనిషిలో రాత్రి పదిన్నరకు 25 మిగులుతుంది. ఏడు, ఎనిమిది నెలల గర్భిణిలో 40 దాకా మిగలొచ్చు. ఈ లెక్కన నిన్న ఇదే వేళకు తాగిన టీలో మూడో వంతు కెఫిన్ ఇవాళ ఇదే వేళకు కూడా ఒంట్లో ఉంటుంది. పెళ్లికి ముందు రాత్రి తొమ్మిదికి టీ తాగి హాయిగా పడుకున్నదానినే కదా, ఇప్పుడు టీ వల్ల నిద్ర పోతుందంటారేమిటి అని అడిగేవాళ్లకు ఇదే జవాబు. కెఫిన్ మాయ దాటి బిడ్డకూ చేరుతుంది, దాన్ని విరిచే ఏర్పాటు బిడ్డ ఒంట్లో ఇంకా తయారై ఉండదు.

నిద్ర పాడు చేసేది కెఫిన్ ఒక్కటే కాదు. రాత్రిపూట కాళ్లలో చీమలు పాకినట్టు, లాగినట్టు ఉండి, కదిలిస్తే తగ్గి, ఆపితే మళ్లీ మొదలయ్యే ఇబ్బంది గర్భిణుల్లో తరచుగా కనిపిస్తుంది. ఐరన్ తక్కువుండడానికీ దీనికీ దగ్గరి సంబంధం ఉంది. ఇక్కడే మొత్తం చిక్కు తెలుస్తుంది. ఐరన్ లేక నీరసం, నీరసానికి టీ, ఆ టీ వల్ల ఇంకా ఐరన్ అందకపోవడం, ఐరన్ అందక కాళ్ల పీకుడు, నిద్ర లేకపోవడం, మళ్లీ పొద్దున టీ. ప్రతి మలుపులోనూ టీ కొంచెం ఊరటనిస్తుంది కాబట్టి దాని మీద అనుమానం రాదు.

గుండెల్లో మంట విషయంలో టీని ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడం సరికాదు. అన్నవాహికకూ జీర్ణాశయానికీ మధ్య బిగువుగా మూసుకునే కండరం ఒకటుంటుంది. గర్భంలో పెరిగే ప్రొజెస్టెరాన్ దాన్ని వదులు చేస్తుంది, పెరిగిన గర్భసంచి కింది నుంచి నెడుతుంది, ఆమ్లం పైకి వస్తుంది. కాఫీ కడుపులో ఆమ్లం ఊరడాన్ని పెంచుతుంది, కెఫిన్ లేని కాఫీ కూడా కొంతవరకు ఇదే చేస్తుంది. అయినా కాఫీ, టీ మానేస్తే అందరికీ మంట తగ్గుతుందని చెప్పడానికి లేదు. కొందరికి తగ్గుతుంది, కొందరికి తేడాయే ఉండదు. ఎవరి సంగతి ఏమిటో వాళ్లే చూసుకోవాలి. రెండు వారాలు టీ వేళలు మార్చి, ఏ రోజు ఎప్పుడు మంట వచ్చిందో, అంతకుముందు ఏం తిన్నారో క్యాలెండర్ మీద రాసుకుంటే చాలు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, టీ మూడూ కలిపి తిన్న రోజు మంట వస్తే అది టీ వల్లో, నూనె, కారం వల్లో తెలియదు. ఒకరోజు బజ్జీ లేకుండా, ఒకరోజు టీ లేకుండా తిని చూడాలి. పై ఉదాహరణలో మాత్రం పెద్ద కారణం స్పష్టంగానే ఉంది. తొమ్మిదికి తిని తొమ్మిదిన్నరకు పడుకోవడం. తిన్నాక రెండు మూడు గంటలు ఆగి, తలవైపు మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఆరేడు అంగుళాలు ఎత్తు చేసి, ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే చాలామందికి మంట తగ్గుతుంది. దిండ్లు మీద దిండ్లు వేస్తే మెడ మాత్రమే వంగుతుంది, పొట్ట ఇంకా నొక్కుకుంటుంది.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. ఐరన్ మాత్ర వల్ల తిప్పుతుందని దాన్ని పడుకునేముందు వేసుకోమని చెప్పడం మామూలే. మంట లేనివాళ్లకు అది పనికొస్తుంది. మంట ఉన్నవాళ్లు ఒక గుటక నీళ్లతో మాత్ర వేసుకుని వెంటనే పడుకుంటే అది అన్నవాహికలో ఇరుక్కుని అక్కడి పొరను కాల్చే ప్రమాదం ఉంది. మాత్రకు గ్లాసు నిండా నీళ్లు తాగాలి, కనీసం అరగంట నిటారుగా ఉండాలి.

ఇవన్నీ పెట్టుకుని అదే రోజును తిరగరాస్తే ఇలా వస్తుంది. ఆరున్నరకు మొదటి టీ, ఖాళీ కడుపున మంట వచ్చేవాళ్లయితే రెండు బిస్కెట్లో గుప్పెడు బొరుగులో తిన్నాక. ఎనిమిదిన్నరకు టిఫిన్, కాల్షియం మాత్ర, టీ లేదు. పదకొండుకు గ్లాసుడు నీళ్లతో మొదటి ఐరన్ మాత్ర, పక్కన ఒక జామకాయ ముక్క. జామలో విటమిన్ సి ఐరన్‌ను ఒంటపట్టిస్తుంది, నిమ్మరసం పడనివాళ్లకు ఇది సులువు. ఒంటిగంటకు భోజనం, పప్పులో ఆకుకూర, ఒక గుడ్డు. మూడున్నరకు రెండో టీ, ఆ రోజుకు అదే చివరిది. ఐదున్నరకు రెండో ఐరన్ మాత్ర. ఏడున్నరకు రాత్రి భోజనం, రెండో కాల్షియం. పదికి పడక. కెఫిన్ 100 దగ్గరికి వచ్చింది, రెండు ఐరన్ మాత్రలకూ రెండేసి గంటల చోటు దొరికింది. మాత్ర ఖాళీ కడుపున మరీ తిప్పితే కాస్త ఏదైనా తిని వేసుకోవచ్చు, కొంచెం తక్కువ ఒంటపడుతుంది కానీ మానేయడం కంటే మేలు. గ్యాస్ మందు అవసరమైతే ఏది, ఎప్పుడో డాక్టరునే అడగాలి, ఐరన్‌కు దానికి కూడా రెండు గంటలు ఎడం ఉండాలి. మెడికల్ షాపులో ఆమ్లాన్ని అణిచే మాత్రలు కొని నెలల తరబడి వాడితే ఐరన్ ఒంటపట్టడం ఇంకా తగ్గుతుంది.

కుటుంబంలో ఈ మార్పుకు అడ్డం వచ్చేది ఎక్కువగా రాత్రి భోజనం వేళ. మగవాళ్లు చేనునుంచో పనినుంచో తొమ్మిదికి వస్తే వాళ్లు తిన్నాకే కోడలు తినాలన్న పద్ధతి చాలా ఇళ్లలో ఇంకా ఉంది. ఆమె ముందే తినొచ్చని అత్తగారు ఒక మాట అంటే సిరప్ సీసా అవసరం చాలావరకు తీరిపోతుంది. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు ఈ మాట అత్తగారితోనే చెప్పాలి.

నాలుగు టీలనుంచి రెండుకు ఒక్కరోజులో దిగితే తలనొప్పి వస్తుంది. మొదటి రెండు రోజులు ఎక్కువగా ఉండి వారం, పది రోజుల్లో తగ్గిపోతుంది. రెండు మూడు రోజులకు ఒక కప్పు చొప్పున తగ్గించుకుంటే ఈ బాధ ఉండదు. అయితే ఐదో నెల దాటిన గర్భిణికి గట్టి తలనొప్పి వస్తే టీ మానడం వల్లేనని తేల్చేయకూడదు. అలాగే కుడివైపు పక్కటెముకల కింద నొప్పిని, పొట్ట పైభాగంలో తీవ్రమైన నొప్పిని గ్యాస్ అనుకోకూడదు. ఈ రెండూ, కళ్లు మసకబారడం, ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బడం బీపీ ప్రమాదకరంగా పెరిగిందనడానికి గుర్తులు కావచ్చు. ఆ రోజే బీపీ చూపించుకోవాలి. ఐరన్ వాడితే మలం నల్లగా రావడం మామూలే. తారులా జిగటగా, దుర్వాసనతో వచ్చినా, రక్తం వాంతి అయినా, మింగడం కష్టమైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

వేళలు మార్చాక పని జరుగుతోందో లేదో నెలలో తెలుస్తుంది. రోజుకు రెండు మాత్రలు సరైన వేళకు పడితే హిమోగ్లోబిన్ నెలకు సుమారు ఒక గ్రాము పెరగాలి. 9.3 ఉన్నది వచ్చే 9వ తేదీకి 10 దాటితే తోవ సరైనదే. పెరగకపోతే మాత్రలు వేసుకుంటున్నావా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోకూడదు. వేళలు చెప్పి, పెద్దాసుపత్రికి పంపమని అడగాలి. పుట్టుకతో వచ్చే రక్త లోపాలు, బి12 తక్కువవడం, కడుపులో నులిపురుగులు కూడా కారణాలు కావచ్చు. నెలలు నిండే సమయం దగ్గరపడుతుంటే ఐరన్‌ను నరానికి ఎక్కిస్తారు, అప్పుడు పేగులో అడ్డంకుల సంగతే ఉండదు. కానుపయ్యాక మిగిలిన 180 రోజుల మాత్రలకు కూడా పదకొండు గంటల వేళే ఉంచుకోవచ్చు. పాలిచ్చే తల్లి తాగిన టీలో కెఫిన్ కొంత పాలలోకి వెళ్తుంది, అప్పుడే పుట్టిన పసికందు ఒంట్లో అది రోజుల తరబడి నిలుస్తుంది. అందుకని బాలింత కూడా రోజుకు రెండు టీల దగ్గరే ఆగడం మంచిది.